అన్నాన్ని మళ్ళీ వేడి చేస్తే క్రిమి చస్తుంది, విషం పోదు

ప్రశ్న: రాత్రి ఎనిమిదింటికి వండిన అన్నం సగం మిగిలిపోయింది. ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోయి, మూత పెట్టిన గిన్నెను అలాగే గట్టు మీద వదిలేసి పడుకున్నాం. పొద్దున ఏడింటికి చూస్తే వాసన లేదు, జిగురూ లేదు. మా అత్తయ్య "పొగలు వచ్చేలా వేడి చేస్తే ఏ క్రిమీ బతకదు, మేం ఇన్నేళ్ళూ తినలేదా" అంటారు. మా పాపకు నాలుగేళ్ళు. పెట్టవచ్చా? నూనెలో బాగా వేయించినా ప్రమాదమేనా?

సమాధానం: పాపకు పెట్టకండి. మీరూ తినకండి. వేయించినా, ఆవిరి పట్టినా, మైక్రోవేవ్‌లో తిప్పినా ఇదే మాట.

మీ అత్తయ్యగారు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. పొగలు వచ్చేలా వేడి చేస్తే ఆ అన్నంలో పెరుగుతున్న బాక్టీరియా దాదాపుగా చస్తుంది. కానీ పదకొండు గంటలు బయట ఉన్న అన్నంతో కడుపు చెడాలంటే అందులో బతికున్న బాక్టీరియా ఉండి తీరాలనేం లేదు. అది రాత్రంతా పెరుగుతూ అన్నంలోకి వదిలిన విషం ఒక్కటే చాలు. ఆ విషానికి మన పొయ్యి వేడి ఒక లెక్క కాదు.

ఆ బాక్టీరియా పేరు బాసిల్లస్ సెరియస్. మట్టిలో ఉంటుంది కాబట్టి ధాన్యంతో పాటు బియ్యంలోకీ వస్తుంది. ఎంత శుభ్రమైన బియ్యంలోనైనా కొద్దోగొప్పో ఉంటుందనే అనుకోవాలి, కడిగినంత మాత్రాన పూర్తిగా పోదు. బియ్యంలో అది మామూలు రూపంలో ఉండదు. చుట్టూ గట్టి పొరలు కట్టుకుని, లోపల తడి ఆరిపోయి, ఏ పనీ చేయకుండా ఉండే సిద్ధబీజంగా ఉంటుంది. ఈ రూపంలో ఉన్నప్పుడు అన్నం ఉడికే వేడిని కొన్ని సిద్ధబీజాలు తట్టుకుంటాయి. పైగా ఆ వేడి వాటికి రెండు విధాల కలిసొస్తుంది. ఒకటి, బియ్యంలో ఉన్న మిగతా బాక్టీరియా చాలావరకు చచ్చి పోటీ లేకుండా పోతుంది. రెండు, వేడి తగిలి తర్వాత చల్లబడడమే ఆ సిద్ధబీజాలు మొలకెత్తడానికి ప్రేరణ అవుతుంది. అందువల్ల అప్పుడే ఉడికిన అన్నం సురక్షితమే కానీ, క్రిమిరహితం మాత్రం కాదు.

ఇక మీ గిన్నె సంగతి. పొయ్యి దించినప్పుడు అన్నం దాదాపు 100 డిగ్రీల వేడి మీద ఉంటుంది. 60 డిగ్రీలకు పైన ఉన్నంతసేపూ ఏమీ పెరగదు. ఆ కిందికి దిగాక, సుమారు 50 నుంచి 10 డిగ్రీల మధ్య ఈ బాక్టీరియా పెరగగలదు. 30 నుంచి 40 మధ్య దానికి అన్నిటికన్నా బాగా నచ్చుతుంది. మూత పెట్టిన గిన్నెలో దట్టంగా ఉన్న అన్నం పైపైన చల్లారినట్టు కనిపిస్తుంది గానీ, మధ్యలో చెయ్యి పెడితే గంటల తర్వాత కూడా గోరువెచ్చగా తగులుతుంది. ఆ గోరువెచ్చదనమే సరిగ్గా దానికి కావలసిన వేడి. తడి ఉంది, పిండి పదార్థం ఉంది, పులుపు లేదు. ఇంతకన్నా అనువైన చోటు దానికి దొరకదు.

ఊహకు ఒక లెక్క వేసి చూద్దాం. ఉడికాక ఒక్కో గ్రాము అన్నంలో పది సిద్ధబీజాలు మిగిలాయనుకోండి, అది చాలా తక్కువ. రాత్రి ఎనిమిదికి దించిన అన్నం వేడి తగ్గి, సిద్ధబీజాలు మొలకెత్తి, మామూలు రూపానికి వచ్చి పెరగడం మొదలుపెట్టేసరికి పన్నెండు అయిందనుకుందాం. అక్కడి నుంచి అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతాయి. గోరువెచ్చని అన్నంలో ఇది అతిశయోక్తి కాదు. తెల్లవారి మూడింటికి ఆరు రెట్టింపులు పూర్తవుతాయి, అంటే గ్రాముకు 640. ఇంకా కంగారు పడాల్సినంత ఏమీ లేదు. అయిదింటికి పది రెట్టింపులు, గ్రాముకు పది వేలు దాటింది. మీరు మూత తీసిన ఏడు గంటలకు పద్నాలుగు రెట్టింపులు, గ్రాముకు లక్షా అరవై వేలు. జబ్బుకు కారణమైన ఆహారాన్ని పరీక్షించినప్పుడు సాధారణంగా కనిపించేది లక్ష, ఆ పై సంఖ్యలే. మీరు ఆదివారం కదా అని తొమ్మిదింటికి లేచి ఉంటే? ఇంకో నాలుగు రెట్టింపులు పడి, 26 లక్షలు.

ఈ లెక్కలో చూడాల్సింది చివరి అంకె కన్నా అది పెరిగిన తీరు. రాత్రి చాలా భాగం దాదాపు ఏమీ జరగనట్టే ఉంటుంది, జరిగేదంతా చివరి మూడు నాలుగు గంటల్లోనే జరుగుతుంది. విషం తయారయ్యేది కూడా అప్పుడే, ఎందుకంటే ఈ బాక్టీరియా తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు ఆ పని పెట్టుకోదు, బాగా గుంపు కట్టాకే మొదలుపెడుతుంది. అందుకే రాత్రి పదింటికి గుర్తొచ్చి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నానికీ, పొద్దున ఏడింటికి గుర్తొచ్చిన అన్నానికీ మధ్య తేడా తొమ్మిది గంటల తేడా కాదు, వేల రెట్ల తేడా.

మీ అత్తయ్యగారి అనుభవాన్ని నేను కొట్టిపారేయడం లేదు. ఆమె ఇన్నేళ్ళూ తిని ఏమీ కాలేదంటే అది నిజమే అయి ఉంటుంది, దానికి కారణాలు ఉన్నాయి. ఈ బాక్టీరియా జాతులన్నీ వాంతి విషాన్ని తయారు చేయవు. అందుకు కావలసిన జన్యువులు కొన్ని జాతుల్లోనే, ప్లాస్మిడ్ అనే ఒక చిన్న వలయాకారపు డీఎన్‌ఏ ముక్క మీద ఉంటాయి. మీ ఇంట్లోకి వచ్చిన బియ్యంలో ఆ జాతి లేకపోతే రాత్రంతా పెరిగినా ఆ విషం పుట్టదు. సిద్ధబీజాలు ఎన్ని ఉన్నాయి, గది ఎంత వెచ్చగా ఉంది, గిన్నెలో అన్నం ఎంత దట్టంగా ఉంది అన్నవి కూడా ఒక్కో రాత్రి ఒక్కోలా ఉంటాయి. వీటన్నిటికీ తోడు, వచ్చిన జబ్బు కూడా చాలాసార్లు ఒక పూట వాంతులతో పోతుంది, దాన్ని ఎవరూ ముందురోజు అన్నానికి ముడిపెట్టరు. నిన్న తిన్న నూనె పదార్థమో, ఎండలో తిరగడమో కారణమనుకుంటారు. మొత్తం మీద చాలాసార్లు ఏమీ కాదు. ఏ రోజు అవుతుందో మాత్రం గిన్నెను చూసి చెప్పలేం.

వాసన సంగతీ అంతే. పులిసిన వాసన, జిగురు, రంగు మారడం అన్నవి అన్నం పాడైందనడానికి గుర్తులు, నిజమే. అవి ఉంటే ఆలోచించకుండా పారేయాలి. కానీ అవి లేకపోవడం దేనికీ హామీ కాదు. గ్రాముకు లక్ష ఉన్నా ముక్కుకు ఏమీ తెలియకపోవచ్చు. ఆ విషానికి రంగు, రుచి, వాసన లేవు. కొంచెం రుచి చూసి చెబుదామనుకోవడం కూడా దండగే, నాలుక దాన్ని పట్టలేదు.

ఇప్పుడు అసలు విషయానికి, వేడి ఎందుకు పనిచేయదన్నదానికి వద్దాం. ఈ బాక్టీరియా రెండు రకాలుగా జబ్బు చేస్తుంది. మొదటి రకంలో మనం బతికున్న బాక్టీరియాను తింటాం, అది పేగుల్లోకి చేరి అక్కడ విషాలను విడుదల చేస్తుంది, విరేచనాలు పడతాయి. ఆ విషాలు ప్రొటీన్లు. ప్రొటీన్ అంటే ఒక పొడవాటి గొలుసు ప్రత్యేకమైన ఆకారంలో మడతపడి ఉండడం. వేడి తగిలితే ఆ మడతలు విడిపోతాయి, మడత విడిపోతే పనిచేయదు. గుడ్డులోని తెల్లసొన కాస్త వేడికే గట్టిపడి మళ్ళీ మామూలు కాకపోవడం ఇదే కారణంగా. ఈ రకం జబ్బును బాగా వేడి చేయడం చాలావరకు ఆపగలదు. మీ అత్తయ్యగారి సూత్రం చెల్లేది ఇక్కడే.

రెండో రకం విషం పేరు సెరియులైడ్. వాంతులు చేయించేది ఇది. ఇది మడతపడిన ప్రొటీన్ కాదు. పన్నెండు భాగాలు ఒకదానికొకటి కలిసి మూసుకుపోయిన చిన్న వలయం. విప్పడానికి కొసలు లేవు, చెదరడానికి మడతలు లేవు. 121 డిగ్రీల వద్ద గంటన్నర ఉంచినా దాని విషగుణం పోదని ప్రయోగాల్లో తేలింది. ఇంటి ప్రెషర్ కుక్కర్‌లో పూర్తి ఒత్తిడి మీద వచ్చే వేడి కూడా సుమారు 120 డిగ్రీలే. మూకుడు అడుగు ఇంకా బాగా కాలి ఉండవచ్చు, కానీ మెతుకులో తడి ఉన్నంతవరకు మెతుకు లోపలి వేడి 100 దాటదు. తడంతా ఆరి మాడిపోయేదాకా వేయిస్తే ఏమవుతుందని అడగకండి, అప్పుడు తినడానికి అన్నమే మిగలదు. కడుపులోని ఆమ్లమూ, జీర్ణరసాలూ కూడా దాన్ని విడగొట్టలేవు. పులుపు కలిపితే విరుగుతుందన్న మాట కూడా వినిపిస్తుంటుంది. పులుపు బాక్టీరియా పెరుగుదలను అడ్డుకోగలదు, అదీ పెరగకముందే తగినంత కలిపితే. అప్పటికే పుట్టిన విషాన్ని మాత్రం ఏమీ చేయదు.

మింగాక ఇది కడుపు నుంచి మెదడుకు వెళ్ళే వేగస్ నాడిని రెచ్చగొడుతుంది, మెదడు వాంతి చేయమంటుంది. ఇక్కడ బాక్టీరియా బతికుండాల్సిన అవసరమే లేదు. తయారైన విషాన్ని నేరుగా తింటున్నాం కాబట్టే లక్షణాలు అంత త్వరగా, అరగంట నుంచి ఆరు గంటల లోపే మొదలవుతాయి.

ఈ సంగతి వెలుగులోకి వచ్చింది కూడా వేయించిన అన్నం వల్లే. 1970ల మొదట్లో బ్రిటన్‌లోని హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళు కొద్ది గంటల్లోనే వాంతులు చేసుకోవడం వరుసగా బయటపడింది. ఆరా తీస్తే వంటగదుల పద్ధతి తెలిసింది. అన్నం పెద్ద మొత్తంలో ఉడికించి, వార్చి, ఫ్రిజ్‌లో పెడితే ముద్దకట్టి వేయించడానికి పొడిపొడిగా రాదని గది వేడిలోనే వదిలేసేవారు. ఆ తర్వాత కావలసినప్పుడల్లా కొంత తీసి పెనం మీద ఎర్రగా కాలిన నూనెలో వేయించి ఇచ్చేవారు. అంటే మీరు అడిగిన పనే, మీకన్నా పెద్ద మంట మీద. ప్లేటులోకి వచ్చిన అన్నం పొగలు కక్కుతూనే ఉండేది. తిన్నవాళ్ళు జబ్బు పడుతూనే ఉన్నారు.

ఇదొక్కటి భయపెట్టడానికి చెప్పడం లేదు, కానీ చెప్పకుండా దాటేస్తే బాగోదు. 2008లో బ్రస్సెల్స్‌లో ఒక ఇరవయ్యేళ్ళ విద్యార్థి వంటగదిలో బయట ఉంచిన స్పఘెట్టీని మైక్రోవేవ్‌లో వేడి చేసుకుని తిన్నాడు. అరగంటలో తలనొప్పి, కడుపు నొప్పి, వాంతులు మొదలయ్యాయి. మర్నాడు పొద్దున చూసేసరికి చనిపోయి ఉన్నాడు. సెరియులైడ్ ఎక్కువ మోతాదులో ఒంట్లోకి వెళ్తే కాలేయ కణాలకు శక్తినిచ్చే భాగాలను దెబ్బతీస్తుంది, అతని కాలేయంలోనూ చచ్చిన కణాలు కనిపించాయి. ఆ ఆహారం బయట ఉన్నది ఒక్క రాత్రి కాదు, అయిదు రోజులు. ఇలాంటి మరణాలు చాలా అరుదు. దీన్ని ఇక్కడ చెప్పింది మైక్రోవేవ్ చేసినా విషం అలాగే ఉండిపోయిందన్న ఒక్క సంగతి కోసం. చిన్న పిల్లల విషయంలో నేను మరింత పట్టుదలగా ఉండడానికి కారణం కూడా మోతాదే. అదే గరిటెడు అన్నంలోని అదే విషం మీ ఒంట్లో పలచబడినంతగా నాలుగేళ్ళ పిల్ల ఒంట్లో పలచబడదు.

మరి మిగిలిన అన్నాన్ని ఏం చేయాలి? తినడమా పారేయడమా అన్నది పొద్దున వేడి చేసేటప్పుడు తేలేది కాదు, రాత్రి భోజనాలయ్యాక ఆ మొదటి గంటలోనే తేలిపోతుంది. వెడల్పాటి పళ్ళెంలోకి రెండు అంగుళాల మందం మించకుండా పరచండి. ఆవిరి పోనివ్వండి. చెయ్యి పెట్టగలిగేంత వేడికి వచ్చాక, ఇంకా గోరువెచ్చగా ఉన్నా సరే, చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలన్న పట్టింపే చాలా ఇళ్ళలో కొంప ముంచుతోంది, ఎందుకంటే చల్లారేదాకా ఉంచుదామనుకుని నిద్రపోతాం. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ వండిన అన్నాన్ని గంటలోపు చల్లార్చమని, ఫ్రిజ్‌లో ఒక్క రోజుకు మించి ఉంచవద్దని చెబుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ మిగిలిన వంటకాలకు మూడు నాలుగు రోజుల దాకా ఒప్పుకుంటుంది. అన్నం మటుకు నేను మొదటిదాని వైపే ఉంటాను. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉండాలి. కిక్కిరిసిన ఫ్రిజ్‌లో పెద్ద గిన్నెతో పెడితే మధ్యభాగం చల్లబడడానికి గంటలు పడుతుంది, కాబట్టి చిన్న డబ్బాలే మేలు.

ఎలక్ట్రిక్ కుక్కర్‌లో వెచ్చగా ఉంచే మీట నిజంగా పనిచేస్తూ, అన్నాన్ని 60 డిగ్రీలకు పైన ఉంచుతుంటే ఈ గొడవంతా ఉండదు, ఆ వేడిలో బాక్టీరియా పెరగదు. తాకితే కాలేంత వేడి ఉండాలి, వెచ్చగా తగిలితే చాలదు. కరెంటు పోయి నాలుగైదు గంటలు ఆగిపోయిన కుక్కర్ మాత్రం మీ గిన్నెతో సమానం. నిజానికి మూత బిగుతుగా ఉండి వేడి నెమ్మదిగా దిగుతుంది కనుక ఇంకా అనువైనది.

గంట దాటిపోయింది, రెండు గంటలయింది, మూడయింది, అప్పుడేం చేయాలని మీలాంటివాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఆస్ట్రేలియాలో ఆహార వ్యాపారులకు చెప్పే పద్ధతి నాకు అన్నిటికన్నా అనువుగా అనిపిస్తుంది. వేడి దిగాక బయట ఉన్న సమయం మొత్తం రెండు గంటల లోపైతే ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. రెండు, నాలుగు గంటల మధ్యైతే అప్పటికప్పుడు తినేయాలి, దాచకూడదు. నాలుగు దాటితే పారేయాలి. గది బాగా వేడిగా ఉన్న రోజుల్లో ఈ గడువుల్ని ఇంకా తగ్గించుకోవడమే మంచిది. చలిగా ఉన్న గదిలో పెరుగుదల నెమ్మదిస్తుంది, ఆగదు. ఈ గంటలన్నీ కలిపి లెక్కపెట్టాలన్నది చాలామంది మరిచిపోతారు. ఫ్రిజ్‌లోంచి తీసి గంట బయట ఉంచి మళ్ళీ లోపల పెడితే ఆ గంట ఖాతాలో పడుతుంది, ఫ్రిజ్ దాన్ని చెరిపేయదు. మళ్ళీ వేడి చేసినప్పుడు కూడా కొన్ని సిద్ధబీజాలు మిగులుతాయి కాబట్టి ఒకసారి వేడి చేసిన అన్నాన్ని మళ్ళీ దాచకండి. ఫ్రిజ్‌లో సరిగ్గా దాచిన అన్నాన్ని ఆవిరి వచ్చేలా వేడి చేసుకోవడం మంచి పనే, అక్కడ ఆ వేడికి ప్రయోజనం ఉంది. రాత్రంతా బయట ఉన్నదాన్ని పొద్దున ఫ్రిజ్‌లో పెట్టడం వల్ల మాత్రం ఒరిగేదేమీ లేదు.

మీ ఉత్తరం నాకు చేరేలోపే ఆ అన్నం తినేసి ఉంటే కంగారు పడకండి, వాంతి చేయించే ప్రయత్నమూ చేయకండి. ఆరు గంటలు గడిచినా వాంతులు లేకపోతే వాంతులు చేయించే రెండో రకం విషం బెడద చాలావరకు తప్పినట్టే. విరేచనాలు అయ్యేటట్టయితే సాధారణంగా ఆరు నుంచి పదిహేను గంటల మధ్య మొదలవుతాయి. రెండూ చాలామందిలో ఒక రోజులో వాటంతటవే తగ్గుతాయి. యాంటీబయాటిక్ మందులు ఇక్కడ పనికిరావు, విషాన్ని అవి తీసేయలేవు. కావలసింది నీళ్ళు, లవణాలు. ఓఆర్‌ఎస్ కలిపి చెంచాతో కొద్దికొద్దిగా, అయిదేసి నిమిషాలకు ఒకసారి పట్టించండి. ఒకేసారి గ్లాసుడు తాగిస్తే అదీ బయటికి వచ్చేస్తుంది.

పాప గుక్కెడు నీళ్ళు కూడా నిలుపుకోలేకపోయినా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, మత్తుగా పడి ఉన్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా, కళ్ళు పచ్చబడినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పెద్దవయసువాళ్ళకూ, గర్భిణులకూ, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. వెళ్ళేటప్పుడు అన్నం ఎన్నింటికి వండారో, ఎన్నింటికి తిన్నదో, మొదటి వాంతి ఎన్నింటికి అయిందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. తిన్న తర్వాత ఎంతసేపటికి మొదలైందన్నదాన్ని బట్టే అక్కడి డాక్టరు ఇది ఏ రకమో తేల్చుకోగలుగుతారు.